గుర్రు ఆగిన నిమ్మళం

నా తలనొప్పికి చాలా ఏళ్ళు నేను ఉద్యోగం పేరే పెట్టుకున్నాను. నిజామాబాద్‌లో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో ఉపసంపాదకుడిని. లోకం అన్నం తిని పక్కలు దులుపుకునే వేళకు మా డెస్కులో పని ముదురుతుంది. పేజీలన్నీ ప్రెస్సుకు పంపి, బండి మీద ఇల్లు చేరి పడుకుంటే, ఊరంతా ఎండలో తిరిగే పొద్దుకు లేస్తాను. లేవగానే నొప్పి. ఒక పక్కన కాదు, నుదురంతా, రెండు కణతల దాకా, తడిపిన తువ్వాలు బిగించి ముడేసినట్టుగా ఉండేది. నోరు పిడచగట్టుకుపోయేది. చాయ్ తాగి, స్నానం చేసి, ఇంట్లో వాళ్ళను నాలుగు మాటలు అన్నాక, మధ్యాహ్నం కాబోతుండగా అది దానంతటదే వదిలేది. వదిలాక నేను మంచివాణ్ణే. మా ఇంట్లో నాతో ఏ పని చెప్పాలన్నా ఆ వేళ దాకా ఆగేవాళ్ళు.

"పత్రికోళ్ళకు అందరికి గంతే" అని నేనే గొప్పగా చెప్పుకునేవాణ్ణి. తలనొప్పిలోనూ హోదా వెతుక్కునే జాతి మాది.

వారంలో ఒక రోజు సెలవు. ఆ రోజు నిద్ర కరువంతా తీర్చుకోవాలని అన్నం వేళ దాకా ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. తీరా లేస్తే ఆనాటి నొప్పి సాయంత్రమైనా వదిలేది కాదు. తక్కువ పడుకుంటే నొప్పి, ఎక్కువ పడుకుంటే ఇంకా నొప్పి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మధ్యలో నిలబడి మాత్ర మింగేవాణ్ణి. మెడికల్ షాపాయన నేను బండి ఆపగానే ఏం కావాలని అడగకుండానే పట్టీ తీసి బల్ల మీద పెట్టేవాడు.

నిజానికి ఈ నొప్పిని నేను మొదట చూసింది నా తలలో కాదు. బాపు తల మీద. నాన్నను మేం బాపు అనేవాళ్ళం.

బాపుది బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పని. చెరుకు ఆడే కాలంలో మూడు డ్యూటీలు ఉండేవి. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. వారం మారినప్పుడల్లా మా ఇంట్లో పొద్దు తలకిందులయ్యేది. రాత్రి డ్యూటీ వారంలో బాపు పొద్దున వచ్చి, నాలుగు ముద్దలు తిని, ముందరి అర్రలో నులక మంచం మీద వెల్లకిలా పడిపోయేవాడు. లావు మెడ, గుండ్రటి పొట్ట. పడుకున్న కాసేపటికే గుర్రు మొదలయ్యేది.

గురక అని పుస్తకాల్లో రాస్తారు గానీ, బాపుది గురక కాదు, గుర్రే. మెల్లగా మొదలై, మెట్టు మెట్టుగా పైకెక్కి, రేకుల కప్పును తాకేది. ఎదురింట్లో కుట్టుమిషన్ పెట్టుకున్న చాచా, "నా మిషనన్న ఆగుతది గని మీ బాపు మిషన్ ఆగదురా బేటా" అని నవ్వేవాడు. వాడలో అందరికీ అది ఒక ముచ్చట. గుర్రు కొట్టే మొగోడున్న ఇంటికి దొంగ రాడనేవాళ్ళు. గట్టిగా గుర్రు కొడుతున్నాడంటే గట్టిగా నిద్రపోతున్నాడని మా అందరి లెక్క. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత మా బాపును చూసే పుట్టిందని అక్క అనేది.

ఉన్నట్టుండి ఆ గుర్రు తెగిపోయేది. వాడంతా ఒక్కసారిగా మౌనమయ్యేది. చాచా మిషన్ చప్పుడు అప్పుడే మొదలైనట్టు వినిపించేది. "హమ్మయ్య, నిమ్మళమైంది" అనేది అక్క, పుస్తకం తెరుచుకుంటూ.

నిమ్మళం మా వైపు పెద్ద మాట. జ్వరం దిగితే నిమ్మళం, కొట్లాట సద్దుమణిగితే నిమ్మళం, ఇచ్చిన ఇంట్లో బిడ్డ సుఖంగా ఉంటే నిమ్మళం. బాపు గుర్రు ఆగినా మాకు నిమ్మళమే. గుర్రు కొడుతున్నంతసేపూ పైపై నిద్ర అనీ, ఆగితే లోతుకు దిగిపోయాడనీ అనుకునేవాళ్ళం. రెండు లెక్కలూ ఒకదానికొకటి పొసగవని మాకెవరికీ తోచలేదు.

మా అమ్మ, అదే అవ్వ, మాత్రం నిమ్మళమనేది కాదు. బాపు పడుకున్న మంచం పక్కనే నేల మీద కూచుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వెలుతురంతా గుమ్మం దగ్గర ఉన్నా అక్కడికి జరిగేది కాదు. బాపు గుర్రు చెవులు చిల్లులు పడేలా సాగుతున్నంతసేపూ ఆమె చేతులు ఆకును చుడుతూనే ఉండేవి. ఆగగానే చేతులూ ఆగేవి. కొంచెం చూసి, ఎడమ మోచేత్తో బాపు డొక్కలో ఒక్క పొడుపు పొడిచేది. బాపు నీళ్ళలోంచి తల ఎత్తినవాడిలా గుక్క తీసి, ఏదో గొణిగి, పక్కకు తిరిగేవాడు. గుర్రు మళ్ళీ మొదలు. అవ్వ చేతులూ మళ్ళీ మొదలు.

నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అడిగాను కూడా. "గిప్పుడే గద అవ్వా, నిమ్మళమైంది. ఎందుకు పొడుస్తవు?"

"నీకెర్క లేదు. సప్పుడు చెయ్యక రాసుకో" అంది.

అవ్వకు కోపం ఎక్కువ కాబట్టి పొడుస్తుందని అనుకున్నాను. చప్పుడు చేస్తుంటే ఊరుకుని, ఆగితే పొడవడం ఏం కోపమని ఆలోచించే వయసు కాదు.

బాపు లేవడమే దస్తీతో లేచేవాడు. నుదుటి చుట్టూ బిగించి ముడి వేసుకుని, కళ్ళు మూసుకుని గోడకు ఆనుకునేవాడు. "పైత్యం జేసింది" అనేవాడు. అవ్వ శొంఠి అరగదీసి పట్టు వేసేది. పసుపు కొమ్ము దీపం మీద కాల్చి ముక్కు దగ్గర పొగ పట్టేది. పసుపు పండే జిల్లాలో ప్రతి రోగానికీ మొదటి మందు పసుపే. కాసేపటికి నొప్పి తగ్గేది. ఎలాగూ తగ్గే నొప్పి పసుపు ఖాతాలోకి పోయేది. తగ్గాక కూడా బాపు మనిషి చురుగ్గా ఉండేవాడు కాదు. కంచం ముందు ముద్ద చేతిలో పట్టుకునే కునుకు తీసేవాడు. మాకు నవ్వు వచ్చేది. పాపం, రాత్రి డ్యూటీ అనేవాళ్ళం. పగటి డ్యూటీ వారంలో కూడా అలాగే ఉంటాడని ఎవరూ గుర్తు చేయలేదు.

అవ్వకూ తల నొచ్చేది. ఆమెది మరో తీరు. పొద్దు వాలుతుంటే మొదలయ్యేది. వెలుతురు చూడలేకపోయేది, గిన్నె చప్పుడైనా విసుక్కునేది. తంబాకు ఘాటు అన్నారు అందరూ. రాత్రి బాపు ఇంట్లో ఉంటే ఆమె కంటి మీద కునుకు ఉండదని, ఆయన డ్యూటీకి పోయిన రాత్రులే నిద్రపోతుందని, ఆ వారం ఆమెకు తల నొయ్యదని ఇప్పుడు తెలుసు. బీడీలు మాత్రం ఆ వారమూ అన్నే చుట్టేది.

ఫ్యాక్టరీ మూతపడింది. బాపు కొన్నాళ్ళు ఒక బియ్యం మిల్లుకు కావలికి పోయి, తర్వాత అదీ మానేసి ఇంట్లో కూచున్నాడు. ఇక డ్యూటీలు లేవు కాబట్టి ఆరోగ్యం కుదుటపడుతుందనుకున్నాం. ఆయన మాత్రం రాత్రీ పడుకుని, పగలూ పడుకుని, ఎంత పడుకున్నా నిద్ర చాలనట్టే లేచేవాడు. పొద్దున్నే దస్తీ. అప్పటికి నేను నిజామాబాద్‌లో కాపురం పెట్టాను. అక్కను మోస్రాలో ఇచ్చారు. వాళ్ళది వరి, పసుపు వ్యవసాయం.

ఒకసారి అక్క బోధన్ వచ్చి అవ్వను చూసి ఏడ్చింది. అవ్వ కళ్ళ కింద నల్లగా గుంటలు, తలకు తువ్వాలు. "నాల్గు దినాలు నా తాన పండుకో అవ్వా. ఈయన గుర్రుకు నీ పానం పోయేటట్టున్నది" అంది. అవ్వ ఒప్పుకోలేదు. ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపింది. చివరికి బాపే పొమ్మన్నాడు. "పోరాదు. నువ్వు లేకుంటె నన్ను పొడిచెటోళ్ళు ఉండరు. నేను గూడ నిమ్మళంగ పండుకుంట" అన్నాడు నవ్వుతూ.

మోస్రాలో అవ్వ తింటూ తింటూనే నిద్రలోకి పోయిందట. పొద్దెక్కి, ఇంటిల్లిపాదీ పొలానికి పోయినా లేవలేదట. ఎన్నేళ్ళకో అవ్వ అలా పడుకుందని అక్క నాకు ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. ఆ తర్వాత చాచా ఫోన్ వచ్చింది.

బాపు ఎట్లా పడుకున్నవాడు అట్లాగే ఉన్నాడు. వెల్లకిలా. చాచా నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట నేను మర్చిపోలేను. "రాత్రి గుర్రు ఆగింది బేటా. ఇయ్యాల భాయ్ నిమ్మళంగ పండుకున్నడు అనుకున్న. అల్లా కసం, నేను గూడ నిమ్మళంగ పండుకున్న."

చూడ్డానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "నిద్రల పోయిండు. మంచం పట్టలే, ఎవలతోని చేపిచ్చుకోలే. పుణ్యాత్ముడు." నాకూ ఆ మాట ఓదార్పుగానే ఉండేది. మోస్రా నుంచి వచ్చిన అవ్వ గుమ్మం దగ్గర కూచుని ఆ మాట విన్న ప్రతిసారీ తల దించుకునేది. ఏడుపు అనుకున్నాం.

తర్వాత అవ్వ నా దగ్గరికి వచ్చేసింది. నా భార్య బడిలో టీచరు, పొద్దున్నే వెళ్ళిపోతుంది. నేను పడుకుని ఉండగా ఇంట్లో అవ్వా నేనూ మాత్రమే ఉండేవాళ్ళం. అప్పటి నుంచి నాకో కొత్త బాధ మొదలైంది. సరిగ్గా నిద్ర పట్టిందనుకునే వేళకు అవ్వ వచ్చి కుదిపేది. "బిడ్డా, టైమెంతయింది?" గోడ మీద గడియారం ఉంది, ఆమెకు చూడ్డం వచ్చు. ఇంకోసారి, "బిడ్డా, పాలాయన వస్తడా?" పాలాయన వచ్చి వెళ్ళి ఎంతో సేపై ఉంటుంది. నేను లేచి కసిరేవాణ్ణి. ఈ తలనొప్పి నీవల్లే, నిద్ర చెడగొట్టి చంపుతున్నావని అనేవాణ్ణి. ఆమె బయటికి పోయి, మళ్ళీ కాసేపటికి ఇంకేదో అడగడానికి వచ్చేది. "మీ గది తలుపు దగ్గరేయకు బిడ్డా" అని కోడలికి రోజూ చెప్పేది. మొగుడూ పెళ్ళాల గది తలుపు తీసి పెట్టమనే అత్తను ఏమనాలో తెలియక నా భార్య నా మీద విరుచుకుపడేది.

ఇట్లా ఉండగా ఒకనాడు డెస్కులో నా కొంప మునిగింది. మధ్యాహ్నం నుంచే కళ్ళు మూతలు పడుతున్నాయి. మాక్లూర్ నుంచి ఒక నాయకుడి పుట్టినరోజు వార్త వచ్చింది. కేకు కోశారు, పండ్లు పంచారు. దాని మీద నేను "ఘనంగా వర్ధంతి వేడుకలు" అని శీర్షిక పెట్టి పేజీలోకి తోశాను. మర్నాడు సాయంత్రం ఆ నాయకుడు నిండు నూరేళ్ళు బతికే మనిషిలా కారు దిగి, తన అనుచరులతో సహా మా ఆఫీసుకు వచ్చాడు. "నేను సచ్చిన్నా?" అని అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక లేచిపోయారు. మా ఇన్‌ఛార్జి ఆయనకు సవరణ వేస్తామని దండం పెట్టి పంపించి, నన్ను పక్కకు పిలిచాడు. తిట్టలేదు. "నువ్వు రాస్తలేవన్నా, నిద్రపోతున్నవు. ముందుగాల డాక్టర్‌కు సూపిచ్చుకో. ఇంకొక్కటి గిట్లయితే నీ నౌకరి పోకుండ నేను ఆపలేను" అన్నాడు.

డాక్టరు దగ్గర నేను డెస్కు సంగతే చెప్పాను. ఆయన బీపీ చూసి ముఖం చిట్లించాడు. వారంలో ఎన్ని నొప్పి మాత్రలు వేసుకుంటావని అడిగాడు. చెప్పాను. అన్ని వేసుకుంటే ఆ మాత్రలే నొప్పిని తెచ్చిపెడతాయన్నాడు. ఆపైన అసలు ప్రశ్న అడిగాడు. "గుర్రు కొడ్తవా?"

"నాకేం ఎర్క సార్, నేను పండుకోని ఉంట గదా" అన్నాను. ఆయన నవ్వలేదు. ఛాతీ డాక్టరు దగ్గరికి చీటీ రాసి, వెళ్ళేటప్పుడు నీ పక్కన పడుకునే మనిషిని వెంట తీసుకుపొమ్మన్నాడు.

నా భార్య ఎదురుచూస్తున్నట్టే ఉంది. "నేను చెప్తే నమ్మరు. ఆగుండ్రి" అని, మర్నాడు నేను పడుకున్నాక ఫోన్‌లో నా గుర్రు రికార్డు చేసింది. అది ఆదివారం. నేను లేచి, తల పట్టుకుని ముందు గదిలో కూచున్నాను. అవ్వ నేల మీద చాటలో బియ్యం ఏరుతోంది. నా భార్య ఫోన్ స్టూలు మీద పెట్టి, "ఇగో, వినుండ్రి మీ సంగీతం" అంది.

నేను బిత్తరపోయాను. అది నేను కాదు, బాపు. అదే మెల్లని మొదలు, అదే మెట్లు, అదే రేకులు తాకే ఎత్తు. చనిపోయిన మనిషి ఫోన్‌లోంచి గుర్రు కొడుతున్నాడు. నా భార్య నవ్వుతోంది. అవ్వ బియ్యం ఏరుతూనే ఉంది. ఇంతలో గుర్రు తెగింది. ఫోన్‌లో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

అవ్వ చేతులు ఆగాయి. ఎడమ మోచెయ్యి దానంతటదే లేచి, పక్కన ఎవరూ లేని చోట గట్టిగా పొడిచింది. చాట ఎగిరి బియ్యం గదంతా చెల్లాచెదురైంది. ఫోన్‌లో నేను గుక్క తీశాను.

అవ్వ తన మోచేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకుంది. బియ్యం ఎత్తడానికి వంగిన నా భార్య అట్లాగే ఉండిపోయింది. అవ్వ ఎవరి ముఖమూ చూడకుండా అంది, "నేను మోస్రా పోకుంటే మీ బాపు ఉంటుండె."

బాపు పోయాక అన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట మొదటిసారి విన్నాను. పుణ్యాత్ముడు, నిమ్మళంగా పోయాడని లోకం ఓదారుస్తున్నప్పుడు ఆమె ఎందుకు తల దించుకుందో అప్పుడు తెలిసింది. టైమెంతయిందని నన్నెందుకు లేపేదో, తలుపు ఎందుకు తీసి పెట్టమనేదో కూడా.  ఆమె ఆ మాటతో చచ్చిపోకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. నా తలనొప్పి, నా ఉద్యోగం ఆ క్షణాన నాకు గుర్తే లేవు.

ఛాతీ డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక మనిషి. రికార్డు మొత్తం విని, ఒక రాత్రికి కట్టుకోమని ఛాతీకి పట్టీ, ముక్కు కింద గొట్టం, వేలికి క్లిప్పు ఉన్న చిన్న పెట్టె ఇచ్చింది. మళ్ళీ వెళితే కాగితం ముందు పెట్టి విడమరిచి చెప్పింది. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గుర్రు, పూర్తిగా మూసుకుపోతే మౌనం. ఛాతీ గాలి కోసం కొట్టుకుంటూనే ఉంటుంది, గాలి మాత్రం అందదు. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, చెడుగాలి పేరుకుంటుంది. అప్పుడు మెదడు ఉలిక్కిపడి క్షణం సేపు లేపుతుంది, గుక్క తీస్తాం, మళ్ళీ అదే తంతు. మనకేమీ గుర్తుండదు. పొద్దున తలనొప్పి, పగలు కునుకు, బీపీ మిగులుతాయి.

"గుర్రు ఆగితే మంచి నిద్ర అని మా దిక్కు అనుకుంటరు మేడమ్" అన్నాను.

"ఆగినప్పుడే భయపడాలండి" అంది.

మిషన్ రాసింది. ముక్కుకు తొడుగు పెట్టుకుంటే గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుందట. బరువు తగ్గమంది, పక్కకు తిరిగి పడుకోమంది, నిద్రమాత్రల జోలికి పోవద్దంది. డెస్కు ఉద్యోగం వదలలేకపోతే కనీసం పడుకునే వేళ, లేచే వేళ రోజూ ఒకటే ఉంచుకోమంది. సెలవు రోజున అన్నం వేళ దాకా పడుకోవడం నిద్ర తీర్చుకోవడం కాదు, తలనొప్పికి పీట వెయ్యడమే అంది.

అన్నీ విన్నాక నేను వచ్చిన అసలు పని అడిగాను. బాపు సంగతి, అవ్వ మోచెయ్యి సంగతి, మోస్రా సంగతి అంతా చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టింది.

"మీ నాన్నగారికి ఇదే ఉండి ఉండొచ్చు. కానీ ఆయన దేనివల్ల పోయారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఈ జబ్బు ఏళ్ళ తరబడి ఉంటే బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది."

"మా అవ్వ పక్కన ఉంటే?"

"గాలి ఆగిన ప్రతిసారీ మెదడు తానే లేపుతుందండి. పక్కనవాళ్ళు పొడవకపోతే మనిషి లేవడని కాదు. పక్కకు తిప్పడం వల్ల కాస్త మేలు జరిగి ఉంటుంది. కానీ రాత్రంతా ఎన్నిసార్లని పొడుస్తారు? ఆమె ఉన్నా జరిగేది జరిగేదేమో. ఆమె తప్పు లేదని గట్టిగా చెప్పండి."

నేను పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. అంత మంచి వార్త నేను ఏ పేజీలోనూ పెట్టలేదు. అవ్వ వంటింటి గడప మీద తలకు తువ్వాలు కట్టుకుని కూచుని ఉంది. ఆమె ముందు గొంతుక్కూచుని డాక్టరమ్మ మాటలన్నీ మా భాషలోకి మార్చి చెప్పాను. నీ తప్పు లేదవ్వా, నువ్వు మోస్రా పోయినందుకు కాదు, గాలి ఆగినప్పుడల్లా ఒళ్ళు తనంతట తనే లేపుతదట అని చెప్పాను.

అవ్వ శ్రద్ధగా విన్నది. ముఖంలో ఏదో సడలింది. నేను సంతోషపడ్డాను.

"అంటే, నేను పొడవకున్నా మీ బాపు లేస్తుండెనా?" అంది.

"లేస్తుండె అవ్వా."

"అన్ని రాత్రులల్ల?"

"అన్ని రాత్రులల్ల."

తువ్వాలు కొస వేలికి చుట్టుకుంది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. "మరి నేను గిన్నేండ్లు ఎందుకు మేల్కున్న బిడ్డా?"

 పొడుపు పనికొచ్చిందంటే మోస్రా ఆమె మెడకు చుట్టుకుంటుంది. పనికిరాలేదంటే పెళ్ళైన నాటి నుంచి ఆమె పోగొట్టుకున్న నిద్ర అంతా గాలికి పోతుంది. ఒక చేత్తో నేను ఎత్తిన బరువు ఇంకో చేత్తో మళ్ళీ ఆమె నెత్తినే పెట్టాను. పక్కకు తిరిగితే మేలని డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చి, "నువ్వు పక్కకు తిప్పినందుకే బాపు అన్నేండ్లు ఉన్నడు కావచ్చవ్వా" అన్నాను. ఆలస్యమైంది. "సరె తియ్యి" అని లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది.

మిషన్ వచ్చింది. మొదట్లో ఆ తొడుగు పెట్టుకుంటే ఊపిరి ఆడనట్టుండేది, విసిరికొట్టాలనిపించేది. అలవాటైంది. మాత్రలు మానిన మొదట్లో నొప్పి పెరిగి చుక్కలు చూపించింది గానీ, తర్వాత పొద్దున లేస్తే తల తేలిగ్గా ఉండటం మొదలైంది. సెలవు రోజూ అదే వేళకు లేస్తున్నాను. డెస్కు పని ఆలస్యమైన మర్నాడు మాత్రం ఇంకా నొస్తుంది. శీర్షికల్లో బతికున్నవాళ్ళు బతికే ఉంటున్నారు. నా భార్య గాఢంగా నిద్రపోతోంది.

అవ్వకే ఏ మిషనూ లేదు. ఆమె మాట అడిగితే, వేళకు పడుకోబెట్టండి, పగటి కునుకు తగ్గించండి అని చెప్పింది డాక్టరమ్మ. వేళకు పడుకోమంటే పడుకుంటుంది. కానీ ఒళ్ళు వినదు. గుర్రు విని లేవడం కాదు, గుర్రు ఆగితే లేవడం నేర్చిన ఒళ్ళు అది. ఇప్పుడు మా ఇంట్లో గుర్రే లేదు. ఎప్పుడు చూసినా ఆగిపోయినట్టే ఉంటుంది. పొద్దు వాలేసరికి తువ్వాలు తలకెక్కుతుంది.

ఒక పొద్దున డొక్కలో ఏదో గట్టిగా పొడుచుకుని మెలకువ వచ్చింది. నా భార్య ఎప్పుడో బడికి పోయింది. మంచం పక్కన నేల మీద అవ్వ, మోచెయ్యి ఇంకా నా డొక్కలోనే ఉంది. తొడుగు పక్కకు లాగి, "ఏందవ్వా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. సప్పుడు లేకుంటె..."

ఇంతకు ముందైతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి.

"ఉన్న అవ్వా" అన్నాను.

"ఉంటె సరె. పండుకో" అంది. నేను మళ్ళీ తొడుగు పెట్టుకుని పక్కకు తిరిగాను. ఆమె లేవలేదు. మోచెయ్యి మంచం పట్టెకు ఆనించుకుని అక్కడే కూచుంది.